మంచం మీద రాసిచ్చిన ఇల్లు, తోట: ‘మర్జ్-ఉల్-మౌత్’ లెక్క

“పోతా పోతా ఇల్లు చిన్నోడికి రాసిచ్చి పోయినాడు.” చిత్తూరు జిల్లాలో ఏ ముస్లిం కుటుంబంలో భాగాల తగువు లేచినా ఈ మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. చిన్నకొడుకు చేతిలో రిజిస్టరు దస్తావేజు ఉంటుంది. తండ్రి వేలిముద్ర ఉంటుంది. సబ్-రిజిస్ట్రారు స్వయంగా ఇంటికొచ్చి రిజిస్టరు చేశాడన్న ధీమా కూడా ఉంటుంది. అంత పక్కాగా ఉన్న కాగితం కోర్టులో ఎందుకు నిలవదో అతనికి అర్థం కాదు. అక్కడే అవతలి గదిలో కూర్చున్న చెల్లెలికి ఆ ఇంట్లో తనకింకా హక్కు ఉందని తెలియదు. ఇద్దరికీ తెలియని సూత్రం ఒకటే. చావుకు దారితీసిన జబ్బులో ఉండగా ముస్లిం చేసిన దానాన్ని చట్టం దానంగా లెక్కగట్టదు, వీలునామాలాగా లెక్కగడుతుంది.

ఈ జబ్బును షరియత్‌లో ‘మర్జ్-ఉల్-మౌత్’ అంటారు. మర్జ్ అంటే జబ్బు, మౌత్ అంటే చావు. ఆరోగ్యంగా ఉన్న ముస్లిం తన ఆస్తినంతా ఒక్క కొడుక్కే దానం చేసినా, ఊరుపేరు తెలియనివాడికి చేసినా చట్టం అడ్డుపడదు. ఇలా బతికుండగా చేసే దానాన్ని హిబా అంటారు, దానికి హద్దు లేదు. వీలునామాకు, అంటే వసియ్యత్‌కు, రెండు హద్దులున్నాయి. అప్పులు, ఖననం ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఈ రెండు హద్దులను తప్పించుకోవడానికి సులువైన దారి వీలునామా మానేసి, ఆఖరి వారంలో దానపత్రం రాయడం. ఆ దారిని మూయడానికే మర్జ్-ఉల్-మౌత్ సూత్రం ఉంది.

దీని మూలం చాలా పాతది. ప్రవక్త అనుచరుడు ఇమ్రాన్ బిన్ హుసైన్ చెప్పిన హదీసు ఒకటి ఉంది. ఒక మనిషి చావు మంచం మీద తన ఆరుగురు బానిసలకు విముక్తి ఇచ్చాడు. వాళ్లు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. ఆ సంగతి ప్రవక్త దగ్గరకు వచ్చింది. ఆయన ఆ ఆరుగురినీ మూడు జట్లుగా చేసి చీట్లు వేయించి, ఇద్దరిని విడుదల చేసి, నలుగురిని వారసుల ఆస్తిగా ఉంచాడు. విముక్తి పుణ్యకార్యమే అయినా, ఆఖరి ఘడియలో చేసినప్పుడు మూడో వంతుకే చెల్లింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. దాత ఉద్దేశం మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగలేదు. ఈనాటి కోర్టు కూడా అడగదు. సేవ చేసిన కొడుక్కి ఇచ్చాడా, మోసపోయి ఇచ్చాడా అన్నది వేరే తగువు. మర్జ్-ఉల్-మౌత్ చూసేది ఎప్పుడిచ్చాడు, ఎవరికిచ్చాడు, ఎంతిచ్చాడు అన్న మూడింటినే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క కోసం కల్పించుకున్న కుటుంబమే అయినా ఇలాంటివాళ్లు పలమనేరు, చిత్తూరు వైపు చాలామంది ఉంటారు. తండ్రి సున్నీల్లో హనఫీ న్యాయం పాటించేవాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. మరో కొడుకు కొన్నేళ్ల కిందటే ప్రమాదంలో పోయాడు. అతని కొడుకు, అంటే మనవడు, ఇరవై ఏళ్లవాడు, తాత దగ్గరే పెరిగాడు. ఊళ్లో 48 లక్షల విలువ చేసే మిద్దె ఇల్లు, రోడ్డు పక్కన 30 లక్షల విలువ చేసే తోతాపురి మామిడితోట, బ్యాంకులో 12 లక్షలు, అంతా కలిపి 90 లక్షలు. తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. వేలూరు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి తిరుపతి తెచ్చి, చివరికి “ఇంటికి తీసుకెళ్లండి” అనిపించుకుని వచ్చారు. మంచం మీద ఉండగా ఆయన రెండు దస్తావేజులు రాయించాడు. ఇల్లు, తనను చూసుకున్న చిన్నకొడుక్కి. తోట, తండ్రిలేని మనవడికి. తొమ్మిది రోజులకు పోయాడు. ఆస్పత్రి బాకీ, చేబదుళ్లు, పెళ్లినాడు భార్యకు ఒప్పుకుని ఇవ్వాల్సి ఉన్న మెహర్, ఖననం ఖర్చు కలిపి 10 లక్షలు తేలాయి.

మొదట తేలాల్సింది అది మర్జ్-ఉల్-మౌతేనా అని. జబ్బుతో ఉన్నవాడు చేసిందల్లా దీని కిందకు రాదు. 1903లో ఫాతిమా బీబీ కేసులో కలకత్తా హైకోర్టు మూడు గుర్తులు చెప్పింది. ఆ తీర్పును 1908లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ ఖాయం చేసింది. చావు దగ్గర్లో ఉంది, బతికే అవకాశం కన్నా పోయే అవకాశమే ఎక్కువ అనే స్థితి ఉండాలి. పోతానేమోనన్న భయం రోగి మనసులో ఉండాలి. పైకి కనబడే ఆనవాలు ఉండాలి, ముఖ్యంగా రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోవడం. ఇన్నేళ్లయినా మన కోర్టులు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి. ఇవన్నీ ఉన్నాక ఆ జబ్బుతోనే మనిషి పోవాలి. కోలుకుని లేచి తిరిగాడంటే ఆ దానం మామూలు హిబాయే, మొత్తానికీ చెల్లుతుంది.

ఎక్కువ తగువులు ఏళ్ల తరబడి ఉండే జబ్బుల దగ్గర వస్తాయి. నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లొస్తూ, మధ్య రోజుల్లో అంగట్లో కూర్చుని గల్లాపెట్టె చూసుకునే మనిషిని తీసుకోండి. అతనికి ఉన్నది ప్రాణం తీసే జబ్బే. కానీ ఆ నాలుగేళ్లూ మర్జ్-ఉల్-మౌత్ కాదు. జబ్బుతో బతకడం అలవాటైపోయింది, చావు ఇవాళో రేపో అన్న భయం లేదు. పాత హనఫీ గ్రంథం హిదాయా ఏడాది పాటు సాగిన జబ్బును దీర్ఘవ్యాధి అంటుంది. ఆ ఏడాదిని కోర్టులు కొలబద్దలా కాక, ఒక సూచనగా తీసుకుంటాయి. ఎందుకంటే అదే మనిషికి ఒకరోజు ఊపిరాడక, మంచం దిగలేని స్థితి వచ్చిందనుకోండి. ఆ రోజు నుంచి అదే జబ్బు మర్జ్-ఉల్-మౌత్ అయిపోతుంది. జబ్బు ఎప్పుడు మొదలైందన్నది కాదు, ఎప్పుడు మలుపు తిరిగిందన్నది ప్రశ్న. వయసు మీదపడి నీరసించడం మాత్రం ఎంత ముదిరినా దీని కిందకు రాదు.

జబ్బు సంగతి రుజువు చేయాల్సిన భారం సాధారణంగా దానాన్ని కాదనేవాళ్లదే. మన ఉదాహరణలో కూతురిది. ఆమెకు పనికొచ్చే సాక్ష్యం చాలావరకు అన్న చేతిలోని దస్తావేజులోనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ మామూలుగా ఆఫీసులో జరగాలి. ప్రత్యేక కారణం చూపితే అధికారి ఇంటికి రావచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ చెబుతుంది. ఆ కారణం ఏమని రాసి అర్జీ పెట్టుకున్నారు? “మా నాన్న మంచం మీద ఉన్నాడు, లేవలేడు” అనే కదా. దస్తావేజుకు బలమని చిన్నకొడుకు అనుకున్న ఇంటి రిజిస్ట్రేషనే, రోజువారీ పనులు చేసుకోలేని స్థితికి మొదటి ఆనవాలు. అంతవరకూ ఇంగ్లీషులో సంతకం చేసిన మనిషి అక్కడ వేలిముద్ర వేసి ఉంటే అది రెండోది. డిశ్చార్జి కాగితం మీది తేదీ మూడోది. రోగి మనసులోని భయానికి కూడా ఇంట్లోవాళ్లే సాక్షులు. దూరపు చుట్టాలకు కబురు పెట్టారా, పక్కన కూర్చుని ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదివించారా, ఎవరికెంత బాకీ ఉన్నదీ ఆయన ఒప్పజెప్పాడా అన్నవి క్రాస్ పరీక్షలో బయటికొస్తాయి.

ఇంతవరకూ తేలితే లెక్క మొదలవుతుంది. 90 లక్షల్లోంచి 10 లక్షల అప్పులూ ఖర్చులూ ముందు తీసేయాలి. మిగిలింది 80 లక్షలు. అందులో మూడో వంతు 26 లక్షల 67 వేలు. చనిపోయిన కొడుకు కొడుక్కి, బతికున్న కొడుకులు ఉండగా, తాత ఆస్తిలో వారసత్వం రాదు. చాలామందికి మింగుడుపడని నియమమే ఇది. అయితే దానం దగ్గర అదే నియమం మనవడికి కలిసొస్తుంది. అతను వారసుడు కాదు కాబట్టి, మూడో వంతు వరకూ అతనికిచ్చిన దానానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. తోట విలువ 30 లక్షలు, అతనికి చెల్లేది 26 లక్షల 67 వేలు. అంటే తోటలో తొమ్మిదింట ఎనిమిది వంతులు అతనివి. తొమ్మిదో వంతు, సుమారు 3 లక్షల 33 వేలు, వారసులు ఒప్పుకుంటేనే అతనికి వస్తుంది.

ఇంటి సంగతి వేరు. చిన్నకొడుకు వారసుడు. వారసుడికిచ్చినప్పుడు మూడో వంతు అన్న వెసులుబాటు కూడా లేదు. మిగతా వారసులు ఒప్పుకోకపోతే హనఫీ న్యాయం ప్రకారం అతనికిచ్చిన దానం ఒక్క రూపాయికి కూడా చెల్లదు, ఇల్లు ఉమ్మడి ఆస్తిలోకి తిరిగొస్తుంది. షియాలకైతే మూడో వంతు లోపల వారసుడికి రాసిన వీలునామాకు ఒప్పుదల అవసరం లేదు. అందుకే తగువు మొదట్లోనే కుటుంబం ఏ శాఖకు చెందిందో తేల్చుకోవాలి.

మనవడి వంతు తీశాక మిగిలేవి ఇల్లు 48 లక్షలు, తోటలో 3 లక్షల 33 వేలు, బ్యాంకులో అప్పులు పోగా 2 లక్షలు, మొత్తం 53 లక్షల 33 వేలు. భార్యకు ఎనిమిదో వంతు, 6 లక్షల 67 వేలు. మిగిలినదాన్ని ఐదు పాళ్లు చేసి కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి ఇస్తారు. కొడుకులకు తలా 18 లక్షల 67 వేలు, కూతురికి 9 లక్షల 33 వేలు. ఇప్పుడు రెండు దస్తావేజులూ ఎవరూ అడగకుండా చెల్లిపోయాయనుకోండి. పంచుకోవడానికి బ్యాంకులోని 2 లక్షలే మిగులుతాయి. అందులో కూతురి వంతు 35 వేలు, భార్యది 25 వేలు. మెహర్ వేరే వచ్చిందనుకున్నా, ఆ ఇంట్లో నలభై ఏళ్లు గడిపిన ఆడమనిషికి 25 వేలు. ఈ సూత్రం ఎవరిని కాపాడుతుందో చూడ్డానికి ఇంతకన్నా వేరే ఆధారం అక్కర్లేదు. దస్తావేజుల్లో పేర్లు దాదాపు ఎప్పుడూ మగవాళ్లవే, లెక్కలోంచి జారిపోయేవి దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ల వంతులే.

ఒప్పుదల అన్నమాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. దస్తావేజు రాయించేటప్పుడు “ఎందుకైనా మంచిది, అందరి సంతకాలూ పెట్టించండి” అని లేఖరి చెబుతాడు. పెద్దకొడుకూ కూతురూ సాక్షి సంతకాలు పెడతారు. తండ్రి మంచం పక్కన నిలబడి కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే హనఫీ న్యాయం ఆ సంతకానికి విలువ ఇవ్వదు. ఒప్పుదల చావు తర్వాత ఇవ్వాలి. బతికుండగా వారసుడికి హక్కే పుట్టలేదు, లేని హక్కును వదులుకోవడం ఏముంటుంది. ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. రాబోయే వాటా బదులు ముందే డబ్బు తీసుకుని, ఇక అడగనని రాసిచ్చినవాడు తర్వాత మాట మార్చలేకపోవచ్చని 1972లో గులాం అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉత్త సంతకం వేరు, డబ్బు ముట్టిన సంతకం వేరు. చావు తర్వాత మనసారా ఒప్పుకుంటే మాత్రం దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆ ఒప్పుదల నోటిమాటగానో, చాలాకాలం నడుచుకున్న తీరులోనో కూడా తెలియవచ్చు. మైనరు వారసుడి ఒప్పుదల మాత్రం చెల్లదు.

అందరూ ఒప్పుకోవాలన్న నియమం కూడా లేదు. ఒప్పుకున్నవాళ్ల వంతుకే అది కట్టుబడుతుంది. తల్లీ పెద్దకొడుకూ చిన్నవాడి సేవ చూసి సరేనన్నారు, కూతురు ఒప్పుకోలేదనుకోండి. 48 లక్షల ఇంట్లో కూతురి వంతు నలభైకి ఏడు పాళ్లు, అంటే 8 లక్షల 40 వేలు. మిగతా 39 లక్షల 60 వేల వంతు చిన్నకొడుకుదే. ఇల్లు అమ్మనక్కర్లేదు, చెల్లెలి వంతుకు డబ్బు కడితే చాలు. కోర్టు గడప ఎక్కకముందే ఈ లెక్క తెలిసి ఉంటే చాలా ఇళ్లలో మాటలు నిలిచేవి.

ఇక మనవడి తోట. పైన చెప్పిన ఎనిమిది వంతులు అతనికి నిజంగా దక్కుతాయా అన్నది ఇంకా తేలలేదు. మర్జ్-ఉల్-మౌత్ దానాన్ని వీలునామాలాగా చూస్తారన్నది ఎంత చెల్లుతుందన్న విషయంలోనే. అసలు పుట్టిందా లేదా అన్నది దానం నియమాలతోనే చూస్తారు. హిబాకు మూడు కావాలి: ఇస్తున్నానని దాత చెప్పడం, తీసుకుంటున్నానని గ్రహీత ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం. మూడోదాన్ని ‘కబ్జా’ అంటారు. తెలుగు పత్రికల్లో ఆ మాటకు ఆక్రమణ అనే అర్థం స్థిరపడిపోయింది గానీ ఇక్కడ అది న్యాయంగా చేతికందడం. ఈ మూడూ దాత బతికుండగానే పూర్తవ్వాలి.

మామిడితోటకు స్వాధీనం ఎలా అప్పగిస్తారు? చిత్తూరు వైపు చాలా తోటలు కాపు మీద గుత్తకు పోతాయి. పూత మీదో పిందె మీదో వ్యాపారి బేరం కుదుర్చుకుని, కొంత ముందిచ్చి, మిగతాది కాయ కోతప్పుడు ఇస్తాడు. తోటలో మనవడు అడుగుపెట్టి గట్టు తిరిగితే సరిపోదు. తాత గుత్తదారును పిలిపించి, “ఇక మీదట తోట వీడిది, మిగిలిన డబ్బు వీడికియ్యి” అని చెప్పి ఉండాలి. గుత్తదారు సరేనని ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం చేతికిచ్చి, మ్యూటేషన్‌కు అర్జీ పెట్టిస్తే ఇంకా మంచిది. ఇదేమీ జరగకుండా, తొమ్మిది రోజులూ పాసుపుస్తకం తాత దిండు కిందే ఉండి, గుత్త డబ్బు తాత ఖాతాలోనే పడితే, దానం పూర్తి కాలేదని అవతలివాళ్లు గట్టిగా వాదించగలరు. అప్పుడు మనవడికి మూడో వంతు కూడా రాదు. దస్తావేజులో “ఈ రోజే స్వాధీనం చేసితిని” అన్న వాక్యం రాసి ఉండటం సాయం చేస్తుంది, కానీ నిజంగా జరగనిదాన్ని అది జరిగించదు. ఇంటి విషయంలో చిన్నకొడుక్కి ఈ చిక్కు తక్కువ. తండ్రీ కొడుకూ ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు తండ్రి ఇల్లు ఖాళీ చేసి పోనక్కర్లేదు, ఇచ్చేశానని తెలిపే స్పష్టమైన పని ఏదో ఒకటి చేస్తే చాలు.

దానం పుట్టిందా, పుడితే ఎంత చెల్లుతుంది అన్న రెండు ప్రశ్నల్లో దేనికీ రిజిస్ట్రేషన్ జవాబు కాదు. ఆస్తి బదలాయింపు చట్టం 129వ సెక్షన్ ముస్లిం దానాలను ఆ చట్టపు రిజిస్ట్రేషన్ నియమం నుంచి తప్పించింది. మన రాష్ట్రంలోని విశాఖపట్నం నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు, మూడు షరతులూ తీరిన హిబా కాగితం మీద రాసినంత మాత్రాన రిజిస్టరు కానక్కర్లేదని చెప్పింది. దాని రెండో వైపు కూడా అంతే నిజం. షరతులు తీరని హిబాను రిజిస్టరు ముద్ర బతికించలేదు. పొలాలకు షరియత్ వర్తించదన్న వాదన కొన్ని రాష్ట్రాల్లో వినబడుతుంది, 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది కాబట్టి. చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1949లో, ఆ మినహాయింపును అక్కడి సవరణ తీసేసింది. కనుక మామిడితోటకూ మిద్దె ఇంటికీ ఇక్కడ ఒకటే లెక్క.

మనవడి విషయంలో తాతకు ఇంకో దారి ఉండేది. మంచం మీద ఉన్నవాడు వారసుడు కానివాడికి ఇవ్వాలనుకుంటే, హిబా రాసినా వసియ్యత్ చెప్పినా చివరికి దక్కేది అదే మూడో వంతు. కానీ వసియ్యత్‌కు స్వాధీనం అక్కర్లేదు. ముస్లిం వసియ్యత్‌ను నోటితో చెప్పినా చెల్లుతుంది, రాస్తే స్టాంపు ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నోటిమాటను రుజువు చేయడం కష్టం కాబట్టి ఇద్దరు బయటి సాక్షులతో తెల్లకాగితం మీద రాయించుకోవడం మేలు. అలా చేసి ఉంటే గుత్తదారు ఎవరికి డబ్బిచ్చాడన్న ప్రశ్నే వచ్చేది కాదు. హిబాతో అదనంగా దొరికేది ఒక్కటే. తాత కోలుకుని లేచి ఉంటే, స్వాధీనం అప్పగించిన ఆ తోట మొత్తం, తొమ్మిదో వంతుతో సహా, మనవడిది అయ్యేది.

హిబా నిలవదని తెలిసి కొందరు అదే మంచం మీద అమ్మకం దస్తావేజు రాయిస్తారు, లేదా “ఇతనికి ఇరవై లక్షలు బాకీ ఉన్నాను” అని ఒప్పుకోలు రాయిస్తారు. షరియత్‌కు ఈ దారులు కొత్తవి కావు. మర్జ్-ఉల్-మౌత్‌లో వారసుడికి బాకీ ఉన్నానని ఒప్పుకుంటే, ఆ బాకీకి వేరే రుజువు చూపమంటుంది. డబ్బు చేతులు మారని అమ్మకం పేరుకే అమ్మకం కాబట్టి, దాన్ని దానంగానే చూసి మళ్లీ ఇదే లెక్కలోకి తెస్తారు. అప్పుడు కోర్టు అడిగేది, ఆ తొమ్మిది రోజుల్లో కొడుకు ఖాతా నుంచి తండ్రి ఖాతాకు డబ్బు వెళ్లిందా అని. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరుస లేకపోతే ఇల్లు మళ్లీ 48 లక్షలుగా ఉమ్మడి లెక్కలో చేరుతుంది, అందులో నలభైకి ఏడు పాళ్లు కూతురివే.